ఫోన్ పగిలిందా? – రెండు మాటలకు చేరడానికి మేం రాసి కొట్టేసినవి

ఫోన్ రిపేర్ కౌంటర్ నడిపే ఒక కుర్రాడు కొత్త పోస్టర్ కావాలని నా దగ్గరకొచ్చాడు. నేను దుకాణాలకు బోర్డులూ అద్దం మీద అంటించే పోస్టర్లూ రాసి, డిజైన్ చేసి, ప్రింట్ వేయించి ఇస్తుంటాను. అతని మాట సూటిగా ఉంది: "అన్నా, నా అద్దం ముందు నుంచి రోజంతా జనం వెళ్తూనే ఉంటారు. వాళ్లలో సగం మంది చేతుల్లో పగిలిన ఫోన్లే. లోపలికి మాత్రం రారు. పోస్టర్ పెద్దది చేసి, రంగులు పెంచండి."

పోస్టర్ చిన్నదేమీ కాదు. ఏ1 సైజు, నిలువుగా పెట్టారు. ముదురు నీలం మీద తెల్లక్షరాలు. అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా పెద్దగా దుకాణం పేరు. దాని కింద ఇలా ఉంది: "అన్ని కంపెనీల మొబైల్ ఫోన్లు రిపేర్ చేయబడును. డిస్‌ప్లే, టచ్, కాంబో, బ్యాటరీ, ఛార్జింగ్ జాక్, మైక్, స్పీకర్, సాఫ్ట్‌వేర్, అన్‌లాక్, వాటర్ డ్యామేజ్, ఐసీ వర్క్ చేయబడును. నాణ్యమైన సేవ, నమ్మకమైన పని. కవర్లు, ఛార్జర్లు, ఇయర్‌ఫోన్లు లభించును." పేరు కాకుండా 29 మాటలు. పక్కన మూడు కొత్త ఫోన్ల బొమ్మలు, ఒక్క గీత కూడా లేకుండా తళతళలాడుతూ.

కొత్తది రాసే ముందు నేనెప్పుడూ ఒక పని చేస్తాను. ఆ దుకాణం తెలియని వాళ్లను పట్టుకుని, ఏమీ చెప్పకుండా, మాట్లాడుకుంటూ వాళ్లతో ఆ అద్దం ముందు నుంచి మామూలు నడకతో వెళ్తాను. మలుపు తిరిగాక అడుగుతాను: "ఇప్పుడు దాటొచ్చిన అద్దం మీద ఏముంది?" పోస్టర్ బాగుందా అని అడగకూడదు. అలా అడిగితే ఎవరైనా మర్యాదకు బాగుందనే అంటారు. ఈసారి ఆరుగురిని తిప్పాను. "మొబైల్ షాపు" అన్నారు కొందరు. "ఏవో కొత్త ఫోన్ల బొమ్మలు" అన్నారు ఇంకొకరు. "కవర్లు అమ్ముతారు కదా" అని ఒకావిడ అంది. రిపేర్ అన్న మాట ఒక్కరి నోటా రాలేదు.

ఈ ఒక్క మాటతో అసలు సమస్య తేలింది. జనం పోస్టర్ చూడకుండా పోవడం లేదు. చూసి, ఇది ఫోన్లూ కవర్లూ అమ్మే చోటనుకుని పోతున్నారు. రంగులు పెంచితే అదే పొరపాటు ఇంకాస్త దూరానికి కనిపిస్తుంది, అంతే.

ఎన్ని సెకన్లు దొరుకుతాయి

టేపు పట్టుకుని కొలిచాను. నడిచేవాళ్లు అద్దానికి సుమారు 2 మీటర్ల దూరంలో, అద్దానికి సమాంతరంగా వెళ్తున్నారు. మామూలు నడక సెకనుకు 1.3 మీటర్లు అనుకోవచ్చు. 8 మీటర్ల ముందు నుంచే పోస్టర్ కంటపడుతుంది కాబట్టి 6 సెకన్లు ఉన్నాయని కుర్రాడి లెక్క. ఆ లెక్క తప్పు. అంత దూరం నుంచి చూపు అద్దం మీద బాగా ఏటవాలుగా పడుతుంది. 2 మీటర్ల పక్కన నడుస్తూ 8 మీటర్ల ముందు నుంచి చూస్తే పోస్టర్ వెడల్పు పావు వంతుకు కుదించుకుపోయి కనిపిస్తుంది. అక్షరాలన్నీ ఒకదాన్నొకటి నొక్కుకున్నట్టుంటాయి. 4 మీటర్ల దగ్గరకొచ్చాక వెడల్పు సగానికి కాస్త తక్కువగా కనిపిస్తుంది. చదవడం అక్కడి నుంచే కుదురుతుంది. అక్కడి నుంచి పోస్టర్‌ను దాటేదాకా 3 సెకన్లు. ఆ మూడులోనూ మనిషి ఎదురొచ్చేవాళ్లను తప్పుకోవాలి, కాలి కింద చూసుకోవాలి, చేతిలోని ఫోన్ చూసుకోవాలి. అద్దం వైపు ఒక చూపు పడితే పడినట్టు, మహా అయితే రెండు. ఒక చూపులో పట్టేది రెండు మూడు మాటలే. తెలుగు మాటలు పొడుగ్గా ఉంటాయి కాబట్టి నేను రెండే అనుకుని రాస్తాను.

అలాంటప్పుడు 29లో ఆ రెండు ఏవి కావాలి? కుర్రాడు తను చేసే పనులను రాసుకున్నాడు. ఐసీ వర్క్ అంటే లోపలి బోర్డు మీది చిప్‌ల పని, కాంబో అంటే డిస్‌ప్లే, టచ్ కలిసి వచ్చే భాగం. ఇవి బల్ల దగ్గర వాడే మాటలు, స్పేర్ పార్టులు తెప్పించుకునేటప్పుడు వాడే మాటలు. దారిన పోయే మనిషికి తన ఫోన్‌లో పోయింది కాంబో అని తెలియదు. తెరమీద గీతలు పడ్డాయనీ, వేలికి గుచ్చుకుంటోందనీ తెలుసు. పోస్టర్ మీద ఆ మనిషి చేతిలో కనిపించేదే ఉండాలి. "చేయబడును" లాంటి క్రియ అయితే బోర్డుల మీద చూసి చూసి కళ్లకు ఆనకుండా పోయింది. దాన్ని చదవరు, ఆకారం గుర్తుపట్టి దాటేస్తారు.

ఏ ఇబ్బందిని ఎంచుకోవాలన్నది తర్వాతి ప్రశ్న. నీళ్లలో పడిన ఫోన్ గురించి రాద్దామని కుర్రాడికి చాలా ఆశ. ఆ పనిలో అతనికి మంచి చేయి ఉంది. కానీ ఈ క్షణాన ఆ దారిలో వెళ్తున్నవాళ్లలో, ఇప్పుడే ఫోన్ నీళ్లలో పడినవాళ్లు ఎంతమంది ఉంటారు? ఉన్నా వాళ్లు పోస్టర్ చూసి ఆగరు, పరుగెత్తుకుంటూ ఎవరినో అడుగుతారు. పగిలిన తెర సంగతి వేరు. ఫోన్ పని చేస్తూనే ఉంటుంది కాబట్టి జనం నెలల తరబడి దాన్నే వాడుతూ, "చూద్దాంలే" అని రోజూ అదే దారిలో వెళ్తుంటారు. దారి పక్క పోస్టర్‌కు దొరికేది ఇలా వాయిదా వేసుకున్న ఇబ్బందే.

మొదటి ప్రయత్నం, అది చెడిన తీరు

మొదట నేను రాసింది ఒక్క మాట: "పగిలిందా?" ప్రశ్నంతా ఒక్క మాటలో ఇమిడిపోవడం తెలుగులో ఉన్న సుఖం. ఎవరిది, ఏది అని చెప్పకపోయినా, చేతిలో పగిలిన ఫోన్ ఉన్నవాడికి తన గురించే అని తగులుతుందనుకున్నాను. దాని వెనక, పోస్టర్ ఆ చివర నుంచి ఈ చివరకు పగుళ్ల గీతలు వేశాను, పగిలిన తెరలా.

కంట పడడానికైతే బ్రహ్మాండంగా పడింది. జనం ఆగారు, దగ్గరకొచ్చి వేలు పెట్టి తడిమారు కూడా. కొందరు లోపలికి తొంగి చూసి, "మీ షాపు అద్దం పగిలింది, చూసుకున్నారా?" అని చెప్పి వెళ్లారు. అద్దానికి అంటించిన కాగితం మీద అద్దం పగుళ్లు గీసి, పైన "పగిలిందా?" అని రాస్తే ఇంకేమనుకుంటారు? నాకు అది గీసేటప్పుడు తట్టలేదు, ఎందుకంటే నేను కంప్యూటర్ తెర మీద చూశాను. అద్దం మీద పెట్టి చూడలేదు. అప్పటి నుంచి చిత్తు ప్రతిని నలుపు తెలుపులో చీప్ కాగితం మీద ముక్కలుగా ప్రింట్ తీసి, అతికించి, అసలు చోట ఒక పూట ఉంచకుండా ఏదీ ఖాయం చేయడం లేదు.

బొమ్మను మార్చాం. ఒక చెయ్యి, అందులో ఒక ఫోన్, దాని మూల నుంచి మూడు నాలుగు లావు పగుళ్లు, అంతే. సన్నటి గీతలు దూరానికి మరకలా కనిపిస్తాయి. మాటకు "ఫోన్" చేర్చాం. ఒక మాట పెరిగినా నాకు బాధ లేదు. "ఫోన్ పగిలిందా?" అనేది జనం ఒకరినొకరు అడుక్కునే మాట.

ఇందులో చూడడానికి సంబంధించిన లాభం కూడా ఒకటుంది. ఆ రెండు మాటల్లో ఒక్క వత్తు కూడా లేదు. "స్క్రీన్ పగిలిందా" అని రాస్తే మొదటి అక్షరంలోనే స కింద క, ర రెండూ వేలాడతాయి. పెద్ద అక్షరం 12 సెంటీమీటర్లున్నా వత్తు అందులో సగం కూడా ఉండదు, దూరానికి ముందు చెరిగిపోయేది అదే. వత్తులుంటే వరుసల మధ్య ఖాళీ కూడా ఎక్కువ వదలాలి, లేకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. వత్తుల్లేని మాట దొరికితే ఆ ఖాళీ అంతా అక్షరం పెంచుకోవడానికి మిగులుతుంది.

అక్షరం ఎత్తుకు బోర్డులవాళ్లు వాడే ఒక మోటు లెక్క ఉంది. 3 మీటర్ల దూరానికి 2.5 సెంటీమీటర్ల అక్షరం ఉంటే సుఖంగా చదవొచ్చు. అది ఇంగ్లిష్ పెద్ద అక్షరాలకు చెప్పిన లెక్క. మాకు కావాల్సిన దూరం 5 మీటర్లు, అంటే 4 సెంటీమీటర్ల పైచిలుకు. తెలుగు అక్షరంలో సున్నాలూ మెలికలూ ఎక్కువ, పైగా చూసేది పక్క చూపు. అందుకని మూడింతలు చేసి 12 పెట్టాను. ఎత్తు కొలిచేది ప అక్షరం ఒంటి మీద, తలకట్టూ గుడీ లెక్కలోకి రావు. ఆ కొలతన "పగిలిందా?" సుమారు 65 సెంటీమీటర్ల వెడల్పు వచ్చింది. ఏ1 కాగితం నిలువుగా పెడితే వెడల్పు 59 సెంటీమీటర్లే. అలా మాట పట్టక కాగితాన్ని అడ్డంగా తిప్పాం. చాలామంది కాగితం ముందు ఎంచుకుని, మాట పట్టకపోతే అక్షరాలను పక్కలకు నొక్కుతారు. నొక్కిన తెలుగు అక్షరం లోపలి సున్నాలు మూసుకుపోయి ప, వ, ష ఒకేలా కనిపిస్తాయి. బాగా లావు ఫాంట్‌తోనూ ఇదే తంటా. నేను మధ్యరకం లావు, లోపల ఖాళీ ఎక్కువున్న ఫాంట్ వాడాను.

రంగుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పగలు బయట వెలుగు ఎక్కువ, లోపల తక్కువ. అద్దం వెనక ముదురు రంగు ఉంటే అది నిలువుటద్దమై చూసేవాడికి తన ముఖమే చూపిస్తుంది. పాత నీలం పోస్టర్ చేసింది అదే. లేత పసుపు మీద నల్లక్షరాలు వేసి, కాగితాన్ని అద్దానికి లోపలి నుంచి గాలి లేకుండా అంటించాం. రాత్రి లెక్క తిరగబడుతుంది. లైట్లు లోపల ఉంటాయి కాబట్టి కాగితం బయటివాళ్లకు నల్లటి పలకలా కనిపిస్తుంది. అద్దం పైన బయట నుంచి ఒక చిన్న లైటు పోస్టర్ మీదకు వంచితే సరిపోయింది.

రెండో వరుస

ప్రశ్న తగిలాక మనిషి వేగం తగ్గుతుంది. ఆ తగ్గిన వేగంలో ఇంకో రెండు సెకన్లు వస్తాయి. ఇక్కడ ఏం రాయాలన్న దాని మీదే మా ఇద్దరికీ వాదన ఎక్కువ నడిచింది.

కుర్రాడు "30 నిమిషాల్లో" అన్నాడు. రాశాం, వారం రోజులు ఉంచాం. ఆ వారం వాడికి నరకమే. సరుకులో ఉన్న మోడల్ అయితే విప్పి బిగించడానికి ఆ టైము సరిపోతుంది. కానీ తెరను ఫ్రేముకు జిగురుతో అంటించే ఫోన్లలో జిగురు పట్టుకునేదాకా క్లిప్పులు పెట్టి ఆగాలి. డిస్‌ప్లే దగ్గర లేకపోతే తెప్పించాలి. ముప్పయ్యో నిమిషం నుంచి కౌంటర్ ముందు నిలబడిన మనిషి గడియారం చూడడం మొదలుపెడతాడు. గంటలో ఇస్తే సంతోషించాల్సినవాడు కూడా, పోస్టర్ వల్ల అరగంట ఆలస్యమైందని కోపంగా వెళ్లాడు. టెన్షన్‌లో కుర్రాడు ఒక రిబ్బన్ కేబుల్ కూడా తెంచుకున్నాడు. ఆ లైను తీసేశాం.

"ఒరిజినల్ డిస్‌ప్లే" అన్నాడు తర్వాత. నేను ఒప్పుకోలేదు. కంపెనీ పార్టు, పాత ఫోన్ నుంచి తీసిన పార్టు, బయట తయారైన పార్టు అని రకరకాలుంటాయి. ఖరీదైన ఓఎల్ఈడీ తెర ఉండాల్సిన చోట చౌక రకం ఎల్‌సీడీ తెర వేసేవీ ఉన్నాయి. ఏది వేస్తున్నారో కౌంటర్ దగ్గర పార్టు చూపించి చెప్పాల్సిన సంగతి అది. ఒక్క మాటతో పోస్టర్ మీద తేల్చేస్తే అబద్ధమవుతుంది, లేదా గొడవవుతుంది.

చివరకు అతన్నే ఒక పని చేయమన్నాను. కౌంటర్ దగ్గరకొచ్చిన ప్రతి మనిషి నోటి నుంచి వచ్చే మొదటి మాటను ఉన్నదున్నట్టు ఒక నోటుబుక్కులో రాయమన్నాను, వారం పాటు. ఖర్చు ఎంతని అడిగినవాళ్లు అందరికన్నా ఎక్కువ, అది అనుకున్నదే. ఆ తర్వాత వచ్చినవి మాత్రం నన్ను ఆపాయి. "ఫోన్ వదిలేసి వెళ్లాలా?" "ఫొటోలు చూస్తారా?" "లాక్ నంబర్ ఇవ్వాలా?" "లోపల వేరే పార్టులు మార్చరు కదా?" ఇవన్నీ విడి విడి ప్రశ్నల్లా ఉన్నా భయం ఒకటే: ఫోన్ కంటికి కనబడకుండా పోవడం. నెలల తరబడి పగిలిన ఫోన్‌తో తిరగడానికి డబ్బుతో పాటు ఇదీ కారణమే.

అందుకే రెండో వరుస ఇలా వచ్చింది: "మీ కళ్ల ముందే మారుస్తాం". ఏం మారుస్తామో కావాలనే చెప్పలేదు. "గ్లాస్ మారుస్తాం" అంటే పైఅద్దం ఒక్కటే మారుతుందని, దానికి తగ్గట్టు తక్కువ ఖర్చవుతుందని అనుకుంటారు. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి పైఅద్దం, టచ్, డిస్‌ప్లే మూడూ ఒకటిగా అతికి వస్తాయి. అద్దం ఒక్కటే విడదీసి మళ్లీ అతికించాలంటే వేరే మెషీన్లు కావాలి, అవి ఇతని దగ్గర లేవు. "డిస్‌ప్లే మారుస్తాం" అంటే, తెర బాగానే వెలుగుతోంది కదా నాకెందుకు అని పగులు మాత్రమే ఉన్నవాడు వెళ్లిపోతాడు. పై వరుసలో ప్రశ్న ఉంది, దాని కింద జవాబు. మధ్యలో ఆ నామవాచకం లేకపోయినా చదివేవాడికి లోటు తెలియలేదు.

అయితే ఇక్కడ అసలు చిక్కు. ఇతని రిపేర్ బల్ల వెనక గదిలో, అడ్డుతెర చాటున ఉంది. మారుస్తామని రాసింది కళ్ల ముందు, మార్చేది తెర వెనక. పోస్టర్ ప్రింటుకు పంపకుండా ఆపేశాను. రెండు రోజులు గొణిగాడు. కవర్ల స్టాండు పెట్టిన చోటే బల్లకు అనువైనది, దాన్ని జరపాలి, కరెంటు పాయింటు మార్చాలి, ఎవరైనా చూస్తుంటే తన చేతులు వణుకుతాయన్నాడు. చివరికి జరిపాడు. మొదటి కొన్నాళ్లు చేతులు నిజంగానే తడబడ్డాయట. ఇప్పుడు అతను మైక్రోస్కోపు కింద తల వంచి పని చేసుకుంటుంటే బయటివాళ్లు అద్దంలోంచి చూస్తున్నారు. నిజం చెప్పాలంటే ఆ దృశ్యం నా పోస్టర్ కన్నా బాగా పని చేస్తోంది, ఇది రిపేర్ చోటని చెప్పడానికి దానికి మాటలక్కర్లేదు.

మూడో వరుస నిలబడి చదివేవాళ్లకు, 2 సెంటీమీటర్ల అక్షరాల్లో: "ముందు ఖర్చు చెబుతాం. మీరు సరే అంటేనే తెరుస్తాం. లాక్ నంబర్ చెప్పనక్కర్లేదు." చివరిది ఎలా సాధ్యమని కొందరు అడుగుతారు. తెర మార్చాక టచ్, కెమెరా చూడాలంటే ఫోన్ యజమాని ఎదురుగానే ఉంటాడు కదా, తనే లాక్ తీసి ఇస్తాడు. "ఫొటోలు పోవు" అని మాత్రం రాయనివ్వలేదు. తెర మారిస్తే మామూలుగా లోపలి డేటాకు ఏమీ కాదు. కానీ కింద పడ్డ ఫోన్‌కు లోపల ఇంకేం దెబ్బ తగిలిందో తెరవకముందు ఎవరూ చెప్పలేరు. పైగా ఆ భయం లేనివాడికి కూడా మనమే గుర్తు చేసినట్టవుతుంది. ఖర్చు అంకె కూడా వేయలేదు. మోడల్‌కో రేటు ఉన్న పనిలో అన్నిటికన్నా తక్కువ రేటు పెద్దగా వేసి పక్కన సన్నగా "నుంచి" అని పెడితే, కౌంటర్ దగ్గర మొదటి మాటే తగాదాతో మొదలవుతుంది.

పోస్టర్ పెట్టాక మళ్లీ కొత్తవాళ్లు ఆరుగురితో అదే నడక నడిచాను. ఐదుగురు "ఫోన్ పగిలితే బాగుచేస్తారట" అన్నారు. ఆరో ఆయన ఫోన్‌లో మాట్లాడుతూ అద్దం వైపు చూడనే లేదు. అలాంటివాళ్లకు ఏ పోస్టరూ ఏమీ చేయలేదు. ఆరుగురితో పెద్ద నిజాలేవీ తేలవని నాకూ తెలుసు. నేను ఎక్కువ నమ్మింది నోటుబుక్కునే. "ఇక్కడే, ఎదురుగానే మారుస్తారా?" అనే మాట అందులో కనిపించడం మొదలైంది. పాత పుటల్లో ఆ మాట ఎక్కడా లేదు.

మధ్యలో పది రోజులు "ఛార్జింగ్ ఎక్కట్లేదా?" అని కూడా పెట్టి చూశాం. జనం బాగా వచ్చారు, మేం అనుకున్న దానికన్నా ఎక్కువ. చాలావాటిలో జేబులోని నూలు పోగులూ దుమ్మూ ఛార్జింగ్ రంధ్రంలో గట్టిగా అట్టకట్టి ఉంటాయి. ఫోన్ ఆపేసి సన్నటి ప్లాస్టిక్ పుల్లతో, మెత్తటి బ్రష్‌తో తీస్తే కేబుల్ మళ్లీ పూర్తిగా లోపలికి దిగుతుంది. ఐదు నిమిషాల పని, ఆదాయం దాదాపు లేదు. డిస్‌ప్లే కోసం వచ్చినవాళ్లు వెనక నిలబడి చూసి చూసి వెళ్లిపోయారు. ఇంకో మనిషిని పెట్టుకోగలిగితే ఆ పోస్టర్ బంగారమే. అతను ఒక్కడే కాబట్టి తీసేశాం. చుట్టి అల్మారా మీద పెట్టాడు, పని తక్కువగా ఉన్న రోజుల్లో తీస్తానంటున్నాడు.

ఇప్పుడున్నది మూడో ప్రింటు. మొదటి దాంట్లో "పగిలిందా?" ఒక్కటీ ఎర్రగా వేశాం. ఎండ తగిలే అద్దం మీద ఎరుపు, పసుపు ముందు వెలిసిపోతాయి, నలుపు నిలుస్తుంది. అందుకని అక్షరాలన్నీ నలుపు చేశాం. పసుపు ఎలాగూ పాలిపోతుంది, పోయినా తెలుపు మీద నలుపు చదవొచ్చు. మొన్న ఫోన్ చేసి, "అన్నా, కింద కొంచెం ఖాళీ ఉంది కదా, కవర్లు కూడా దొరుకుతాయని ఒక్క లైను వేయండి" అన్నాడు. వేయలేదు. కవర్ల మాట బిల్లు ఇచ్చే చోట, కౌంటర్ గాజు మీద చిన్న స్టిక్కర్‌గా వేసి పంపాను.